పన్ను పోగా 18 లక్షలు మిగలాలంటే ఎన్ని ఐస్ దిమ్మలు అమ్మాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఐస్ నింపుకోకుండా జెట్టీ వదలదు. రోజుల తరబడి సముద్రంలో ఉండే బోటు పట్టిన చేపను చెడకుండా ఒడ్డుకు తేవాలంటే దిమ్మలు కావాల్సిందే. అందువల్ల హార్బర్‌కు ఐస్ అమ్మే ఫ్యాక్టరీకి గిరాకీ ఉందా లేదా అన్న బెంగ పెద్దగా ఉండదు. అసలు ప్రశ్న వేరే ఉంటుంది. ఖర్చులు పోయి, పన్ను కట్టి, బ్యాంకు వాయిదా తీర్చి, యజమానుల ఇళ్లకు డబ్బు చేరాలంటే ఏడాదికి ఎన్ని దిమ్మలు అమ్మాలి?

ఖర్చు, పరిమాణం, లాభాల విశ్లేషణలో దీనికి సూటిగా జవాబు ఉంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వరుసలో అయిపోయే సూత్రమే. అయితే ఆ వరుసలో పన్ను చేరేచోటే లెక్కలు తప్పుతుంటాయి, అది కూడా వేలాది దిమ్మల తేడాతో. అందుకే ఒక ఫ్యాక్టరీని తీసుకుని మొదటినుంచి చివరిదాకా లెక్క వేసి చూద్దాం. ధరలు, ఖర్చులు ఉదాహరణ కోసం అనుకున్నవి. పన్ను రేట్లు మాత్రం 2025-26 ఆర్థిక సంవత్సరానికి అమల్లో ఉన్నవి.

ఫ్యాక్టరీ లెక్క

ఇది ఇద్దరు భాగస్వాముల ఫర్మ్. తయారుచేసేది 50 కిలోల దిమ్మలు. చల్లటి ఉప్పునీటి ట్యాంకులో రేకు డబ్బాలు దించితే, ఈ సైజు దిమ్మ గడ్డకట్టడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మామూలుగా నడిచే ట్యాంకులో మంచు అంతకంటే త్వరగా కట్టదనుకుందాం. ట్యాంకులో 500 డబ్బాలు పడతాయి కాబట్టి రోజుకు 500 దిమ్మలే గరిష్ఠం. ఈ అంకెతో తర్వాత పని పడుతుంది.

జీఎస్టీ కలపకుండా దిమ్మ అమ్మకం ధర 100 రూపాయలు. ఈ లెక్కలో జీఎస్టీని ధరలో కలపకూడదు. అది ప్రభుత్వానికి చేరాల్సిన డబ్బు, ఫ్యాక్టరీ ఆదాయం కాదు. ఇక ప్రతి దిమ్మతో పాటు పెరిగే ఖర్చులు ఉన్నాయి. కరెంటు మూడున్నర యూనిట్లు, యూనిట్ 8 రూపాయల చొప్పున 28 రూపాయలు. హమాలీ 7, నీళ్లు 4, ఉప్పు, అమ్మోనియా వంటివి 1. మొత్తం 40 రూపాయలు. అమ్మకం ధరలోంచి ఇది తీసేస్తే దిమ్మకు 60 రూపాయలు మిగులుతాయి, దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. దిమ్మలు ఎన్ని చేసినా మారని స్థిర ఖర్చులను అది ముందు తీర్చాలి, ఆ తర్వాతే లాభంగా మారుతుంది.

ఏడాది స్థిర ఖర్చులు 54 లక్షలు అనుకుందాం. జీతాలు 22 లక్షలు, యంత్రాల అరుగుదల 9, స్థలం లీజు 7, కరెంటు డిమాండ్ చార్జీ 6, మరమ్మతులు 6, బ్యాంకు వడ్డీ 4. ఇక్కడ కరెంటు బిల్లు రెండుగా చీలిందని గమనించాలి. యూనిట్ల మీద పడే మొత్తం దిమ్మతో పాటు మారే ఖర్చు. ఒప్పందం చేసుకున్న లోడు మీద కట్టే డిమాండ్ చార్జీ మాత్రం దిమ్మ తయారైనా కాకపోయినా వచ్చేదే. మొత్తం బిల్లును ఒకే ఖాతాలో రాసి, దాన్ని దిమ్మల సంఖ్యతో భాగించి ‘దిమ్మకు కరెంటు ఇంత’ అనుకుంటే కాంట్రిబ్యూషన్ అంకె మొదట్లోనే తప్పుతుంది. ఆ తర్వాత పన్నును ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా ఉపయోగం ఉండదు.

54 లక్షలను 60తో భాగిస్తే 90,000 దిమ్మలు. లాభం, నష్టం రెండూ లేని స్థానం ఇదే. ఇక్కడ ఆదాయపు పన్నుకు ప్రమేయమే లేదు, ఎందుకంటే లాభం సున్నా అయినచోట పన్నూ సున్నాయే. పన్ను రేటు పెరిగితే ఈ స్థానం కూడా పెరుగుతుందని కొందరు పొరబడతారు. రేటు 20 శాతమైనా 40 శాతమైనా 90,000 అలాగే ఉంటుంది. ఆ గీత దాటాక ప్రతి దిమ్మ మీద మిగిలేదే మారుతుంది.

లక్ష్యం ఎక్కడినుంచి వచ్చింది?

లక్ష్య లాభాన్ని చాలామంది గుండ్రటి అంకెగా నోటికొచ్చినట్టు చెబుతారు. నిజానికి దాన్ని చేతికి కావాల్సిన నగదు నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. మన ఫర్మ్ ఈ ఏడాది బ్యాంకుకు అసలు కింద 12 లక్షలు కట్టాలి. భాగస్వాములిద్దరికీ కలిపి 15 లక్షలు ఇంటి అవసరాలకు కావాలి. మొత్తం 27 లక్షలు. ఇవి రెండూ పన్ను కట్టాకే ఇవ్వాల్సినవి. వడ్డీని ఖర్చుగా చూపించవచ్చు గానీ, అసలు చెల్లింపును చూపించడానికి లేదు. వాయిదా మొత్తాన్ని ఖర్చు కింద రాసుకునే అలవాటున్న చోట లెక్క ఇక్కడే తప్పుతుంది.

అయితే 27 లక్షలే లక్ష్య లాభం కాదు. స్థిర ఖర్చుల్లో 9 లక్షల అరుగుదల ఉంది. పుస్తకాల్లో అది ఖర్చే గానీ ఆ ఏడాది పెట్టెలోంచి ఎవరికీ ఇచ్చిన డబ్బు కాదు. అందువల్ల పన్ను తర్వాత లాభం 18 లక్షలు వస్తే చాలు, దానికి అరుగుదల 9 లక్షలు చేరి చేతిలో 27 లక్షలు ఉంటాయి. ఉధార్లు పెరిగిపోకుండా ఉంటేనే సుమా. బోట్లకు ఐస్ అప్పు మీద ఇస్తే లాభం పుస్తకంలో ఉంటుంది, డబ్బు మాత్రం జెట్టీ దగ్గర ఉండిపోతుంది.

ఈ ఒక్క మెట్టు దాటవేసి 27 లక్షలనే లక్ష్యంగా పెట్టుకుంటే ఏమవుతుందో కొద్దిసేపట్లో చూద్దాం.

పన్ను మెట్టు

భాగస్వామ్య ఫర్మ్‌కు శ్లాబులు లేవు. మొదటి రూపాయి నుంచీ 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు. కలిపితే 31.2 శాతం. ఆదాయం కోటి దాటితే సర్‌చార్జీ కూడా చేరుతుంది, మన ఫ్యాక్టరీకి ఆ భయం లేదు. భాగస్వాములకు జీతం ఇస్తే దానికి వేరే పరిమితులు, వేరే పన్ను ఉంటాయి. లెక్క తేటగా ఉండటానికి, ఇక్కడ జీతం తీసుకోవడం లేదని, లాభంలో వాటానే తీసుకుంటారని అనుకుందాం. ఫర్మ్ పన్ను కట్టాక వచ్చే వాటా మీద భాగస్వామి మళ్లీ పన్ను కట్టనక్కర్లేదు.

పన్నుకు ముందు 100 రూపాయల లాభం ఉంటే 31.20 పోయి 68.80 మిగులుతుంది. కాబట్టి 18 లక్షలు మిగలాలంటే పన్నుకు ముందు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి 18 లక్షలను 0.688తో భాగించాలి. వచ్చేది 26,16,279 రూపాయలు. ఇక మిగిలింది మామూలు పనే. స్థిర ఖర్చులు 54 లక్షలు, దానికి ఈ 26,16,279 కలిపితే 80,16,279. దాన్ని 60తో భాగిస్తే 1,33,604.65. దిమ్మను ముక్క చేసి అమ్మరు కనుక పైకి సవరించి 1,33,605 అనుకోవాలి. కిందికి సవరిస్తే లక్ష్యానికి కొన్ని రూపాయలు తగ్గుతుంది.

సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

అమ్మాల్సిన దిమ్మలు = [స్థిర ఖర్చు + పన్ను తర్వాతి లక్ష్య లాభం ÷ (1 − పన్ను రేటు)] ÷ దిమ్మకు కాంట్రిబ్యూషన్

జవాబు సరైనదో కాదో వెనక్కి లెక్కించి చూసుకోవచ్చు. 1,33,605 దిమ్మలకు కాంట్రిబ్యూషన్ 80,16,300. అందులోంచి 54 లక్షలు తీస్తే 26,16,300. పన్ను 8,16,286. మిగిలింది 18,00,014. అదనంగా కనిపించే ఆ 14 రూపాయలు పైకి సవరించిన దిమ్మ ముక్కవే.

ఇదే జవాబును ఇంకో దారిలోనూ పట్టుకోవచ్చు. యజమానులకు ఈ దారే తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి 90,000 దిమ్మలు స్థిర ఖర్చులకు పోతాయి. ఆ తర్వాతి ప్రతి దిమ్మ 60 రూపాయలు తెస్తుంది. అందులో పన్ను పోగా 41 రూపాయల 28 పైసలు మిగులుతాయి. 18 లక్షలను 41.28తో భాగిస్తే 43,605 దిమ్మలు. 90,000కు వాటిని కలిపితే మళ్లీ 1,33,605. పన్ను పడేది 90,000 దాటిన దిమ్మల మీదే అన్న సంగతి ఈ రెండో దారిలో కళ్లకు కడుతుంది.

ఎక్కడ తప్పుతారు?

అన్నిటికంటే మామూలు తప్పు పన్నును మరిచిపోవడం. 54 లక్షలకు 18 లక్షలు కలిపి 60తో భాగిస్తే 1,20,000 దిమ్మలు వస్తాయి. అన్నీ అమ్మాక పన్ను కడితే మిగిలేది 12,38,400 రూపాయలు. అయిదున్నర లక్షలకు పైగా లోటు. ఇది ఏడాది చివర్లో ఎలాగూ బయటపడే తప్పు.

దీనికంటే మోసకారి తప్పు ఇంకొకటి ఉంది. పన్ను 31.2 శాతం కదా అని 18 లక్షలకు 31.2 శాతం కలిపేస్తారు. 23,61,600 వస్తుంది, దిమ్మలు 1,29,360. చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ పన్ను పడేది పన్నుకు ముందున్న లాభం మీద. మిగిలిన 18 లక్షల మీద కాదు. 23,61,600 మీద 31.2 శాతం తీస్తే చేతికి 16,24,781 మాత్రమే వస్తుంది, అంటే లక్షా 75 వేలు తక్కువ. జవాబు అసలుకు దగ్గరగా ఉండటం వల్ల ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా సాగిపోతుంది. ‘ఈ ఏడు కొంచెం తగ్గింది’ అని సరిపెట్టుకుంటారు.

మూడో తప్పు దీనికి ఎదురుదిక్కున ఉంటుంది. దిమ్మకు పన్ను పోగా 41.28 మిగులుతుందని తెలుసుకున్నవాళ్లు, స్థిర ఖర్చు, లక్ష్య లాభం రెండింటినీ కలిపి 72 లక్షలను 41.28తో భాగిస్తారు. 1,74,419 దిమ్మలు వస్తాయి. స్థిర ఖర్చులు పన్ను లేని రూపాయలతో తీరతాయని, వాటికి 60 రూపాయల కాంట్రిబ్యూషన్ పూర్తిగా పనికొస్తుందని మరిచిపోవడమే ఇందులోని పొరపాటు. ఈ అంకె చూసి ‘మన ఫ్యాక్టరీకి ఇది సాధ్యం కాదు’ అని సాధ్యమైన లక్ష్యాన్నే వదిలేసే ప్రమాదం ఉంది.

సాధ్యమా కాదా అన్నది వచ్చింది కనుక ఆ అంకె కూడా చూద్దాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. హార్బర్ మీదే ఆధారపడ్డ ఫ్యాక్టరీకి ఆ రోజుల్లో అమ్మకం లేదనే అనుకోవాలి. మిగిలేవి 304 రోజులు. రోజుకు 500 చొప్పున ఏడాదికి గరిష్ఠంగా 1,52,000 దిమ్మలు. మనకు కావాల్సింది 1,33,605 కాబట్టి లక్ష్యం అందుతుంది, సామర్థ్యంలో 88 శాతం దగ్గర. అదే అరుగుదలను మరిచి 27 లక్షలను లక్ష్యంగా పెట్టుకుని ఉంటే 1,55,407 దిమ్మలు తేలేవి. ట్యాంకు సామర్థ్యానికి మించిన అంకె. దాన్ని చూసి కొత్త ట్యాంకు కోసం అప్పుకు పోయేవాళ్లూ లేకపోలేదు. పొరపాటంతా లక్ష్యాన్ని నిర్ణయించిన చోట ఉంటే, భారం యంత్రాల మీద పడుతుంది.

పుస్తకం లాభం, పన్ను లాభం

పై లెక్కలో ఒక మాట చెప్పకుండానే అనుకున్నాం. పుస్తకాల్లో కనిపించే లాభం మీదే పన్ను పడుతుందని. అది ఎప్పుడోగానీ జరగదు. పన్ను చట్టం ఒప్పుకోని ఖర్చులు కొన్ని ఉంటాయి. ఒక వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన ఖర్చును సాధారణంగా ఒప్పుకోరు. హమాలీ మేస్త్రీకి వారం కూలీ మొత్తం చేతిలో పెట్టే పద్ధతున్న చోట ఇది తరచూ తగులుతుంది. చట్టం ఉల్లంఘించి కట్టిన జరిమానాలదీ అదే దారి. అరుగుదల కూడా పుస్తకాల్లో ఒక పద్ధతిలో, పన్ను లెక్కలో ఇంకో పద్ధతిలో ఉండొచ్చు.

ఏడాదికి ఇలా ఒప్పుకోని ఖర్చులు 2 లక్షలు తేలాయనుకుందాం. ఆ డబ్బు నిజంగానే ఖర్చయింది, స్థిర ఖర్చుల్లోనో దిమ్మ ఖర్చులోనో ఇప్పటికే ఉంది. పన్ను అధికారి మాత్రం దాన్ని లాభంగానే చూస్తారు. దాని మీద పన్ను 62,400. ఈ 62,400 కూడా పన్ను తర్వాతి డబ్బులోంచే కట్టాలి కాబట్టి లక్ష్యం 18,62,400 అయినట్టు. దాన్ని 0.688తో భాగించి, స్థిర ఖర్చులు కలిపి, 60తో భాగిస్తే 1,35,117 దిమ్మలు. అంటే కూలీ బ్యాంకు ద్వారా ఇవ్వకపోవడం లాంటి చిన్న అలవాట్ల ఖరీదు 1,512 దిమ్మలు, దాదాపు మూడు రోజుల పూర్తి ఉత్పత్తి. చార్టర్డ్ అకౌంటెంట్ చెప్పినప్పుడు 62 వేలు పెద్దగా అనిపించకపోవచ్చు. దిమ్మల్లో చెబితే ఫ్యాక్టరీలో అందరికీ అర్థమవుతుంది.

శ్లాబులు వస్తే సూత్రం ఆగిపోతుంది

ఇదే ఫ్యాక్టరీ ఒకే మనిషి పేరు మీద ఉంటే? ఇప్పుడు పన్ను ఒక్క రేటు కాదు. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆ పైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతాల చొప్పున పెరుగుతూ 24 లక్షలు దాటితే 30 శాతం. దేశంలో నివసించే వ్యక్తికి ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. అన్నిటి మీదా 4 శాతం సెస్సు.

ఇక్కడ ‘1 − పన్ను రేటు’ అన్నచోట ఏ రేటు వేయాలి? తెలియదు, ఎందుకంటే రేటు తెలియాలంటే లాభం తెలియాలి, లాభం తెలియాలంటే రేటు కావాలి. ఈ చిక్కు విడదీయడానికి శ్లాబుల అంచులను ముందుగా పన్ను తర్వాతి అంకెలుగా మార్చుకోవాలి. పన్నుకు ముందు 12 లక్షలైతే మిగిలేది 12 లక్షలే. 16 లక్షలైతే 14,75,200. 20 లక్షలైతే 17,92,000. 24 లక్షలైతే 20,88,000. ఇతర ఆదాయం ఏమీ లేదనుకుంటేనే ఈ అంకెలు.

మనకు కావాల్సిన 18 లక్షలు 17,92,000కు, 20,88,000కు మధ్య ఉంది. కాబట్టి 20 లక్షల అంచు దాకా వచ్చినట్టే, ఇంకా 8,000 కావాలి. ఈ శ్లాబులో పన్ను 25 శాతం, సెస్సుతో 26, అంటే రూపాయికి 74 పైసలు మిగులుతాయి. 8,000ను 0.74తో భాగిస్తే 10,811. పన్నుకు ముందు లాభం 20,10,811, దిమ్మలు 1,23,514. ఫర్మ్‌కు కావాల్సిన వాటికంటే పది వేలు తక్కువ. ఈ తేడా చూసి ఫర్మ్‌ను రద్దు చేసుకోవాలని కాదు. అప్పులకు బాధ్యత, పెట్టుబడి, ఇద్దరి కుటుంబాల వ్యవహారం లాంటివి ఈ లెక్కలోకి రావు.

ఇక్కడ జరిగే తప్పు, పై శ్లాబు రేటునే మొత్తానికి వేయడం. 18 లక్షలను 0.74తో భాగిస్తే 24,32,432 వస్తుంది, దిమ్మలు 1,30,541. ఏడు వేల దిమ్మలు అనవసరంగా ఎక్కువ. 26 శాతం పడేది చివరి 10,811 రూపాయల మీదే. మొత్తం లాభం మీద సగటు పన్ను పదిన్నర శాతం కూడా లేదు.

శ్లాబుల్లో ఇంకో వింత చోటు ఉంది. 12 లక్షల దగ్గర రిబేటు ఒక్కసారిగా పోతే, ఒక్క రూపాయి ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలకు పైగా పన్ను పడాలి. అలా కాకుండా చట్టం ఊరట ఇచ్చింది. 12 లక్షలకు పైన ఎంత సంపాదిస్తే, పన్ను అంతకు మించదు. వినడానికి బాగుంది. కానీ దాని అర్థం, 12 లక్షలు దాటాక కొంతదూరం సంపాదించిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది, పైగా దాని మీద సెస్సు చేతినుంచి పోతుంది. ఇది 12,70,588 రూపాయల దాకా సాగుతుంది.

దిమ్మల్లో చూస్తే, 12 లక్షల లాభానికి 1,10,000 దిమ్మలు చాలు. ఆ తర్వాత అమ్మే సుమారు 1,176 దిమ్మలు యజమానికి ఏమీ మిగల్చవు. ఒక్కో దిమ్మ 2 రూపాయల 40 పైసలు తగ్గిస్తుంది కూడా. ఇప్పుడు లక్ష్యాన్ని 12 లక్షల నుంచి 12,10,000కు పెంచారనుకుందాం. పది వేలే కదా, పన్ను లేకపోతే 167 దిమ్మలతో అయిపోవాలి. నిజంగా కావాల్సినవి 1,430. దిమ్మకు 7 రూపాయలు మిగిలినట్టు. సూత్రంలో ఏదో ఒక రేటు పెట్టి ఒక్క జవాబు రాబట్టేవాళ్లకు ఈ గుంట కనిపించదు. లక్ష్యం 12 లక్షలకు కాస్త పైన ఉన్న చిన్న యజమాని దాన్ని 12 దగ్గర ఆపడమో, గుంట దాటి బాగా పైకి తీసుకెళ్లడమో చేయాలి. మధ్యలో నిలబడితే రాత్రి షిఫ్టుల కష్టమే మిగులుతుంది.

ఏడాది అంకె, రోజు అంకె

మళ్లీ ఫర్మ్ దగ్గరికి వద్దాం. 1,33,605 దిమ్మలు ఏడాది మొత్తానికి వచ్చిన అంకె. 304 రోజులకు పంచితే రోజుకు సుమారు 440. కానీ హార్బర్ గిరాకీ రోజూ ఒకేలా ఉండదు. బోట్లు వరసగా బయల్దేరే రోజున 500 కూడా చాలవు, తుపాను హెచ్చరిక వచ్చి బోట్లన్నీ లంగరేసుకుని ఉన్న రోజున వంద కూడా పోవు. దిమ్మలను కొన్ని రోజులు నిల్వ చేయొచ్చు గానీ, నెలల తరబడి కుదరదు. అందువల్ల ఒక వారం లోటును ఇంకో వారంలో పూడ్చడానికి రోజుకు 60 దిమ్మల సందే ఉంది. ఒక్క రోజు పూర్తిగా పోతే, దాన్ని పూడ్చడానికి వారం పైన పూర్తి సామర్థ్యంతో నడపాలి, ఆ వారమంతా గిరాకీ కూడా అంత ఉండాలి.

రోజూ 500 అమ్ముడైతే లక్ష్యానికి 268 రోజులు సరిపోతాయి. అంటే 304లో 36 రోజులు పోయినా ఫర్వాలేదు, కాగితం మీద. అక్టోబర్, నవంబర్ బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటినప్పుడు వేట ఆగడంతో పాటు కరెంటు కూడా పోయింది. అలాంటి ఏడాదిలో 36 రోజుల సందు పెద్దదేమీ కాదు. పక్క ఫ్యాక్టరీల పోటీ వల్ల ధర 95కు దిగితే ఈ సందు ఇంకా ఇరుకవుతుంది. కాంట్రిబ్యూషన్ 55 అవుతుంది, కావాల్సిన దిమ్మలు 1,45,751కు పెరుగుతాయి. ధరలో 5 శాతం తగ్గితే పరిమాణం 9 శాతం పెరగాల్సి వచ్చింది. కరెంటు ట్రూ అప్ చార్జీలది మరో తలనొప్పి. ఎప్పుడో అమ్మేసిన దిమ్మల కరెంటుకు ఇప్పుడు అదనంగా వసూలు చేస్తారు, ఆ దిమ్మల ధర పెంచే దారి ఇక ఉండదు. లెక్క వేసేటప్పుడే యూనిట్ ధరలో దానికి కొంత చోటు ఉంచుకోవడం మంచిది.

వేట నిషేధం ఆర్థిక సంవత్సరం మొదట్లోనే రావడం వల్ల పన్నుతో ఇంకో తిరకాసు ఉంది. ఏప్రిల్‌లో 14 రోజులు నడిచాక ఫ్యాక్టరీ ఆగుతుంది. జూన్ 14 నాటికి వచ్చిన కాంట్రిబ్యూషన్ సుమారు 3 లక్షల 70 వేలు. ఆ రెండున్నర నెలల స్థిర ఖర్చు 11 లక్షల 25 వేలు. ఏడున్నర లక్షల నష్టంలో ఉన్న మర్నాడే, జూన్ 15న, ముందస్తు పన్ను మొదటి వాయిదా గడువు. ఏడాది అంచనా పన్నులో 15 శాతం, అంటే మన లెక్కలో లక్షా 22 వేలు. సెప్టెంబర్ 15 నాటికి 45 శాతం, డిసెంబర్ 15 నాటికి 75 శాతం చేరాలి. రోజుకు 440 చొప్పున అమ్ముకుంటూ పోతే 90,000వ దిమ్మ డిసెంబర్ 22 ప్రాంతంలో గానీ అమ్ముడు కాదు. ఏడాది మొత్తం స్థిర ఖర్చుకు సరిపడా దిమ్మలైనా పోకముందే 6 లక్షల 12 వేల పన్ను కట్టి ఉండాలన్నమాట. తక్కువ కడితే నెలకు 1 శాతం వడ్డీ. ఎక్కువ కట్టాక తుపాను వస్తే ఆ డబ్బు రిటర్ను వేసి వాపసు వచ్చేదాకా ఇరుక్కుపోతుంది.

అందుచేత 1,33,605 అంకెను ఏప్రిల్‌లో ఒక్కసారి రాసి గోడకు అతికిస్తే సరిపోదు. ప్రతి వాయిదా గడువుకు వారం ముందు, అప్పటిదాకా పోయిన దిమ్మలు, మిగిలిన వేట రోజులు, ఆనాటి ధర వేసి మళ్లీ లెక్కించాలి. సెప్టెంబర్ మొదటి వారంలో రోజు సగటు 400 దగ్గరే ఆగిందనుకుంటే, అదే తీరున ఏడాదికి 1,21,600 దిమ్మలు, పన్నుకు ముందు 18,96,000 లాభం, పన్ను 5,91,552. అప్పుడు సెప్టెంబర్ 15కు చేరాల్సిన 45 శాతం 3 లక్షల 67 వేల నుంచి 2 లక్షల 66 వేలకు దిగుతుంది. ఆ తేడా లక్ష రూపాయలు పన్ను ఖాతాకు పోకుండా, అక్టోబర్ తుపానుల్లో బోట్లు ఆగినప్పుడు జీతాలకు పనికొస్తాయి.